ఉక్కపోతలో ఏ షూ నిలుస్తుంది? నిట్, మెష్, లెదర్ అప్పర్లను మీరే పరీక్షించుకోవడం ఎలా

షూ పెట్టె మీద ‘బ్రీతబుల్’ అని రాసి ఉంటే దాన్ని సగమే నమ్మండి. అది అబద్ధమని కాదు. పొడిగా ఉండే చోట అది నిజమే. ఉక్కపోత ఉన్న చోట మాత్రం అదే షూ మధ్యాహ్నానికల్లా తడి గుడ్డ చుట్టుకున్నట్టు తయారవుతుంది. రోజంతా కాళ్ల మీద ఉండేవాళ్లకి, పొద్దునా సాయంత్రం నడిచేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. నిట్, మెష్, లెదర్ మూడింటినీ నేను వాడాను, మూడింటితోనూ ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు కొత్త జత కొనేటప్పుడు ఏం చూస్తానో, కొన్నాక ఏం చేస్తానో వరసగా చెబుతాను.

ముందు మాటల తికమక లేకుండా చూసుకుందాం. అప్పర్ అంటే సోల్‌కి పైన పాదాన్ని కప్పి ఉంచే భాగం మొత్తం. నిట్ అప్పర్ స్వెటర్ లాంటిది. దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది కాబట్టి ఎటు లాగినా సాగుతుంది. మెష్‌ వల లాంటిది, కావాలనే వదిలిన రంధ్రాలు కనిపిస్తాయి, సాగడం తక్కువ. లెదర్ అంటే ఇక్కడ నేను అసలు తోలు గురించే మాట్లాడుతున్నాను. రెక్సిన్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి పని: ఉక్కపోత షూలో ఏం చేస్తుందో తెలుసుకోండి

రెండు పాదాల్లో కలిపి సుమారు 2.5 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. ఆ చెమట ఆవిరై బయటికి పోవాలంటే షూ లోపలి గాలిలో ఉన్న తేమకీ బయటి గాలిలో ఉన్న తేమకీ మధ్య తేడా ఉండాలి. ఆ తేడా ఎంత పెద్దదైతే ఆవిరి అంత వేగంగా బయటికి పోతుంది.

చిన్న లెక్క చూడండి. చెమట పట్టిన షూ లోపల 35 డిగ్రీలు, గాలి పూర్తిగా తేమతో నిండి ఉందనుకుందాం. అక్కడ ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్. బయట 40 డిగ్రీల పొడి ఎండ, తేమ 20 శాతం ఉంటే బయటి ఆవిరి పీడనం దాదాపు 1.5. అంటే తేడా 4.1. ఇప్పుడు బయట 32 డిగ్రీలే, కానీ తేమ 80 శాతం అనుకోండి. బయటి పీడనం 3.8కి చేరుతుంది, తేడా 1.8కి పడిపోతుంది. ఎండ తక్కువగా ఉన్న రోజే చెమటను బయటికి లాగే బలం సగానికన్నా తగ్గిపోయింది. థర్మామీటర్ చూసి ‘ఇవాళ ఫర్వాలేదు’ అనుకుంటే పాదం ఒప్పుకోదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, ఉక్కపోతలో ఆవిరి దానంతటది పోతుందని ఆశపడలేం, అడుగు వేసినప్పుడల్లా లోపలి గాలి బయటికి, బయటి గాలి లోపలికి కదలాలి. దానికి నిజంగా తెరిచి ఉన్న రంధ్రాలు కావాలి. రెండు, షూ ఎలాగూ తడుస్తుంది. కాబట్టి అది ఎంత నీరు పట్టి ఉంచుతుంది, ఎంతసేపటికి వదులుతుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

రెండో పని: కొనే ముందు లైటు వేసి చూడండి

ఫోన్ టార్చ్ వెలిగించి షూ లోపల పెట్టండి. కాస్త చీకటిగా ఉన్న చోట బయటి నుంచి చూడండి. వేళ్ల మీద, పాదం పైభాగాన చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే అక్కడ గాలి ఆడుతుంది. మెష్ షూ అని చెప్పి అమ్మే చాలా జతల్లో ఈ పరీక్షతో అసలు రంగు బయటపడుతుంది. పైన వల ఉంటుంది, దాని వెనక పల్చటి ఫోమ్, దాని వెనక ఇంకో గుడ్డ. వెలుతురు ఎక్కడా రాదు. ఆ వల అలంకారానికే అన్నమాట.

వెలుతురు ఒక్కటే చాలదు, ఎందుకంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర గుండా కూడా వెలుతురు వస్తుంది. అందుకే వేళ్ల దగ్గర అరచేయి లోపల పెట్టి, బయటి నుంచి నోటితో ఊదండి. అరచేతికి గాలి తగలాలి. షాపులో నలుగురూ వింతగా చూస్తారు, చూడనివ్వండి.

నిట్‌లో ఫలితం దాని మందాన్ని బట్టి మారుతుంది. పల్చటి అల్లికలో వేళ్ల మీద కావాలని రంధ్రాలు వదిలితే మెష్‌కి దగ్గరగా గాలి ఆడుతుంది. సాక్సులా మెత్తగా, దళసరిగా ఉండే నిట్‌లో ఉచ్చుల మధ్య దారం నిండిపోయి ఉంటుంది. చేతికి హాయిగా అనిపించేది అదే, ఉక్కపోతలో ఇబ్బంది పెట్టేదీ అదే. పాలిస్టర్ దారం తనంతట తాను నీరు పీల్చుకోవడం దాదాపు లేదు. కానీ దారాల మధ్య సందుల్లో నీరు నిలబడిపోతుంది. ‘సింథటిక్ కాబట్టి తొందరగా ఆరుతుంది’ అనే మాట పల్చటి అల్లికకే వర్తిస్తుంది.

లెదర్‌కి ఈ టార్చ్ పరీక్ష పనికిరాదు. దానికి అమ్మేవాళ్లని అడిగి, లేసుల కింద ఉండే షూ నాలుక వంటి కనిపించని చోట వేలితో ఒక్క నీటి చుక్క పెట్టండి. ఒక నిమిషంలో చుక్క కింద రంగు ముదిరితే తోలు తెరిచి ఉంది, ఆవిరిని పీల్చగలదు. చుక్క పూసలా అలాగే నిలిచిందంటే పైన దట్టమైన పూత ఉన్నట్టు. పూత ఉన్న తోలు మురికిని బాగా ఆపుతుంది, కానీ చెమటను కూడా ఆపుతుంది. తర్వాత లోపల చేయి పెట్టి అస్తరు చూడండి. బయట మంచి తోలు వేసి, లోపల ఫోమూ సింథటిక్ గుడ్డా వేస్తే ఆ తోలు చెమటను అందుకునే అవకాశమే ఉండదు. అస్తరు కూడా తోలుదైతే మొదటి రెండు మూడు గంటలు పాదం ఆశ్చర్యంగా పొడిగా ఉంటుంది, ఎందుకంటే తోలు చెమటను తనలోకి తీసుకుంటుంది. ఆ తర్వాత నిండిపోతుంది. లెదర్ వేడి అని అందరూ అంటారు గానీ, నాలుగు గంటల లోపు పనికి తోలు అస్తరు ఉన్న షూ నాకు దళసరి నిట్ కన్నా మేలనిపించింది.

వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న షూ అయితే ఇదంతా చూడక్కర్లేదు. ఉక్కపోతలో అది బయటి నీటికన్నా లోపలి నీటినే ఎక్కువ ఆపుతుంది. పక్కన పెట్టేయండి.

మూడో పని: పట్టు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి

నిట్ అంటే పట్టు ఉండదు, లెదర్ అంటే పట్టు ఉంటుంది అని చెప్పేస్తుంటారు. నిజానికి పాదాన్ని పట్టి ఉంచేవి మూడు: మడమ చుట్టూ ఉండే గట్టి కప్పు, లేసులు బిగించినప్పుడు పాదం మధ్యభాగాన్ని లాగి పట్టే పట్టీలు, పాదం సోల్ అంచు దాటి జారకుండా ఉండే పక్క గోడ. ఈ మూడూ సరిగ్గా ఉంటే నిట్ కూడా పట్టుగానే ఉంటుంది. లేకపోతే మెత్తటి లెదర్ కూడా జారుతుంది.

మడమ వెనక రెండు వేళ్లతో నొక్కండి. కప్పు అణిగిపోయి చదునైతే లోపల గట్టి ముక్క లేదని అర్థం. తర్వాత లేసుల వరసకీ సోల్‌కీ మధ్య, పక్క భాగంలో 5 సెంటీమీటర్ల మేర పట్టుకుని గట్టిగా అడ్డంగా లాగండి. అది 5.5 దగ్గర ఆగితే నాకు చాలు. 6 దాటి సాగితే మెట్లు దిగేటప్పుడు, పక్కకి తిరిగేటప్పుడు పాదం సోల్ మీద కదులుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న లెక్క కాదు, నా చేతి లెక్క.

ఆపైన షూ వేసుకుని లేసులు కట్టి ఒంటికాలి మీద నిలబడండి. శరీరాన్ని కొద్దిగా బయటి వైపు తిప్పండి. చిటికెన వేలి వైపు అప్పర్ ఉబ్బి సోల్ అంచు దాటి బయటికి వేలాడితే ఆ జత నడకకి సరిపోవచ్చు గానీ పక్కలకి కదిలే ఆటలకి పనికిరాదు.

ఉక్కపోత వల్ల వచ్చే అసలు చిక్కు ఇక్కడే ఉంది. షాపులో పొడిగా ఉన్నప్పుడు బిగుతుగా ఉన్న నిట్, గంట నడిచాక చెమటతో తడిసి వదులవుతుంది. పాదం కూడా జారుడుగా అవుతుంది. నా మొదటి నిట్ జత సాక్సులా మడమని కౌగిలించుకునేది. అది చూసే కొన్నాను. మూడో వారానికి మడమ వెనక బొబ్బ. తప్పు సైజుది అనుకుని అర సైజు తగ్గించాను, అప్పుడు బొటనవేలికి దెబ్బ. తర్వాత తెలిసింది, మడమ దగ్గర గట్టి కప్పు లేదు, పట్టంతా సాగే దారం మీదే ఉంది. ఆ సాగే గుణం చెమటకీ, వేడికీ, రోజూ లేసులు విప్పకుండా కాలు దూర్చడానికీ తొందరగా తగ్గిపోతుంది.

మెష్‌లో పట్టు వల మీద అతికించిన పల్చటి ప్లాస్టిక్ పట్టీల నుంచి వస్తుంది. అవి తడిసినా సాగవు. కానీ పట్టీ ఉన్న ప్రతి చోటా గాలి ఆగిపోతుంది. అందుకే టార్చ్ వేసినప్పుడు పక్కల చీకటిగా, వేళ్ల మీద, నాలుక మీద వెలుతురుగా కనిపించే మెష్ షూ సరిగ్గా తయారైనట్టు లెక్క. అంతటా ఒకేలా వెలుతురు వస్తే గాలి ఉంది, పట్టు లేదు.

లెదర్ కథ తిరగబడి ఉంటుంది. కొత్తలో గట్టిగా ఉండి, చెమట తడికి మెల్లగా పాదం ఆకారానికి వస్తుంది. అలా వచ్చాక మళ్లీ వెనక్కి పోదు. కాబట్టి లెదర్‌ని ‘కాస్త వదులుగా ఉంటే మంచిదిలే’ అని పెద్ద సైజు తీసుకోకండి. పొడవు సరిపోవాలి, వెడల్పు కొద్దిగా బిగుతుగా ఉన్నా సర్దుకుంటుంది. వేడికి సాయంత్రానికి పాదం వాస్తుంది కనుక ఏ రకమైనా సాయంత్రమే వేసి చూడండి. ఎక్కువ వాపు వచ్చేవాళ్లకీ, బొటనవేలి దగ్గర ఎముక పొడుచుకొచ్చినవాళ్లకీ నిట్ సాగే గుణం నిజంగా మేలు చేస్తుంది. అలాంటివాళ్లకి నేను నిట్ వద్దని చెప్పను, మడమ కప్పు గట్టిగా ఉన్న నిట్ వెతుక్కోమంటాను.

నాలుగో పని: తూకం వేయండి

వంటింటి డిజిటల్ తూకం ఉంటే ఈ పరీక్షకి ఇంకేమీ అక్కర్లేదు. పూర్తిగా పొడిగా ఉన్న ఒక కాలి షూ బరువు రాసుకోండి, ఇన్‌సోల్ తీసి దాని బరువు విడిగా రాసుకోండి. మామూలుగా వేసుకునే సాక్సులతో రోజంతా వాడి, విప్పగానే మళ్లీ తూచండి. రాత్రంతా ఇంట్లో ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి, 12 గంటల తర్వాత మరోసారి తూచండి.

ఒకే సైజులో మూడు రకాలు ఇలా తూగాయనుకుందాం. నిట్ పొడిగా 260 గ్రాములు, విప్పగానే 312, పన్నెండు గంటలకి 274. మెష్ 250, తర్వాత 276, తెల్లారేసరికి 252. లెదర్ 430, తర్వాత 458, తెల్లారేసరికి 446, ఇరవై నాలుగు గంటలకి 436, ముప్పై ఆరు గంటలకి 431.

ఇప్పుడు వీటిని చదవడం ఎలాగో చూడండి. నిట్ 52 గ్రాముల నీరు పట్టింది, తెల్లారేసరికి ఇంకా 14 గ్రాములు మిగిలింది. రోజూ అదే వేసుకుంటే రెండో రోజు 14 దగ్గరే మొదలవుతుంది, వారం చివరికి అది పూర్తిగా ఆరిన రోజే ఉండదు. వాసనకీ వేళ్ల మధ్య చర్మం నానడానికీ కారణం ఇదే. మెష్ 26 పట్టి 24 వదిలేసింది, దాన్ని రోజూ వాడొచ్చు. లెదర్ పట్టింది 28 గ్రాములే, కానీ తెల్లారేసరికి అందులో సగానికి పైగా లోపలే ఉంది. సోమవారం రాత్రి విప్పిన లెదర్ షూ బుధవారం పొద్దున వేసుకునేలా ఉంటే 36 గంటల విరామం దొరుకుతుంది, అప్పటికి అది ఆరినట్టే. అంటే ఉక్కపోతలో లెదర్ అంటే ఒక జత కాదు, రెండు జతలు మార్చి మార్చి వాడాలి. అది కుదరకపోతే రోజువారీ పనికి లెదర్ కొనకపోవడమే మంచిది.

ఇన్‌సోల్ విడిగా ఎందుకు తూచమన్నానంటే, చాలాసార్లు దొంగ అదే. నిట్ పట్టిన 52 గ్రాముల్లో 25 ఇన్‌సోల్‌దే అయితే అప్పర్‌ని తిట్టుకోనక్కర్లేదు. రెండో ఇన్‌సోల్ జత తెచ్చుకుని రోజు మార్చి రోజు మార్చండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. నూలు సాక్సులు కూడా నీటిని పట్టుకుని వదలవు, పరీక్ష చేసే రోజుల్లో ఒకే రకం సాక్సులు వాడితేనే పోలిక సరిగ్గా వస్తుంది.

ఐదో పని: ఏది ఎక్కడ చిరుగుతుందో ముందే చూస్తూ ఉండండి

మెష్ ముందుగా చిటికెన వేలి పక్కన, పాదం వంగే గీత మీద తెగుతుంది. అడుగడుగునా అదే గీత మీద మడత పడుతుంది, రంధ్రాల్లో చేరిన సన్నటి ఇసుక ఆ మడతలో గరుకు కాగితంలా దారాన్ని కోస్తుంది. చెమట తడికి ఆ దుమ్ము అక్కడే అంటుకుని ఉండిపోతుంది. అందుకే వారానికి ఒకసారి ఆరిన షూని దులిపి, మెత్తటి బ్రష్‌తో ఆ గీత మీద దుమ్ము తీసేయండి. బొటనవేలి మీద లోపలి నుంచి చిల్లు పడుతుంటే మాత్రం అది మెష్ లోపం కాదు, గోరు పెరిగిందో, ముందు జాగా చాలలేదో చూసుకోవాలి.

నిట్‌లో భయం ఒక్క ఉచ్చు తెగడం గురించే. ముల్లుకో, తలుపు మూలకో తగిలి దారం బయటికి వస్తే లాగకండి, కత్తిరించకండి. సన్నటి క్రోషే సూది లోపలి నుంచి గుచ్చి, ఆ దారాన్ని లోపలికి లాగేసి వదిలేయండి. దారం అప్పటికే తెగి ఉంటే లోపలి వైపు నుంచి ఆ చోట గుడ్డలకి వాడే జిగురు ఒక చుక్క పెట్టండి. అలాగే వదిలేస్తే ఒకదాని తర్వాత ఒకటి ఉచ్చులు జారి గీతలా పెద్దదవుతుంది.

లెదర్ రాపిడికి మిగతా రెండింటికన్నా ఎంతో ఎక్కువ ఓర్చుకుంటుంది. వేడి, పదునైన వస్తువులు, నూనె ఉండే పనిచోట్లలో దానికి పోటీ లేదు, అక్కడ ఉక్కని భరించాల్సిందే. కానీ తేమ దాన్ని రెండు వైపుల నుంచి తింటుంది. గాలి ఆడని అరలో పెడితే బూజు పడుతుంది. చెమటలోని ఉప్పు ఆరినప్పుడు తెల్లటి చారలుగా పైకి తేలి, వంగే చోట తోలుని బిరుసు చేసి పగిలేలా చేస్తుంది. ఆ చారలు కనిపించగానే సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపిన తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరాక కొద్దిగా లెదర్ క్రీమ్ పట్టించండి. ఎక్కువ పూస్తే తోలు మూసుకుపోయి పూత వేసినదానిలా అవుతుంది.

ఇక రెక్సిన్. తోలులా కనిపించే ఈ పూతల్లో చాలావాటికి పాలియురెథేన్ వాడతారు, తేమ దాన్ని రసాయనికంగా విడగొడుతుంది. వాడకుండా పెట్టెలో దాచినా సరే, ఒకరోజు తీసి చూస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది. దానికి మరమ్మతు లేదు. మెష్, నిట్ షూల్లో కూడా మడమ దగ్గరా, లోగో దగ్గరా ఈ ముక్కలు ఉంటాయి. అవి చిన్నవైతే ఫర్వాలేదు, లేసు రంధ్రాల పట్టీ మొత్తం దానితోనే చేసి ఉంటే వదిలేయండి. అది ఊడిన రోజున లేసు బిగించడానికి ఆధారం ఉండదు.

ఆరో పని: ఆరబెట్టడం

ఇంటికి రాగానే లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుక పైకి లాగి, ఇన్‌సోల్ బయటికి తీయండి. న్యూస్‌పేపర్ ఉండలు చేసి వేళ్ల వరకూ కూరండి, గంట తర్వాత తడిసిన కాగితం తీసేసి కొత్తది పెట్టండి. ఆ రెండోసారి పెట్టడమే అందరూ మరిచిపోతారు. తడి కాగితం రాత్రంతా లోపలే ఉంటే తేమని అక్కడే నిలిపి ఉంచుతుంది. షూని పక్కకి పడుకోబెట్టి ఫ్యాన్ గాలి నోట్లోకి పోయేలా పెట్టండి. వాన రోజుల్లో బాల్కనీ కన్నా ఫ్యాన్ తిరిగే గదే నయం, ఏసీ గది ఇంకా నయం, ఎందుకంటే ఏసీ గాలిలోంచి తేమ తీసేస్తుంది.

ఎండలోనూ, హెయిర్ డ్రయర్‌తోనూ ఆరబెట్టకండి. లెదర్ బిరుసెక్కి ముడుచుకుంటుంది. మెష్, నిట్ వాటికవి బాగానే ఉన్నా, అప్పర్‌ని సోల్‌కి పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది. వేళ్ల ముందు అంచు దగ్గర గోరు దూరేంత సందు కనిపిస్తే జిగురు వదలడం మొదలైనట్టే. అప్పుడే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర అతికించి కుట్టు వేయించండి. మెష్, నిట్ అంచుల మీద కుట్టు వేసేటప్పుడు కింద సన్నటి తోలు పట్టీ వేయమని అడగండి, లేకపోతే ఆ కుట్టు దారమే పల్చటి అల్లికని కోసేస్తుంది.